కథలో ప్రతి వస్తువుకూ అర్థం వెతకాలా?

మహాభారతం స్త్రీపర్వంలో విదురుడు ధృతరాష్ట్రుడికి ఒక కథ చెబుతాడు. యుద్ధం ముగిసింది, కొడుకులందరూ పోయారు, ముసలి రాజు దుఃఖంతో కుమిలిపోతున్నాడు. అప్పుడు చెప్పిన కథ అది. ఒక బ్రాహ్మణుడు క్రూరమృగాలు తిరిగే కీకారణ్యంలో చిక్కుకుంటాడు. ఆ అడవి చుట్టూ వల పన్ని ఉంటుంది. భయంకరమైన ఒక స్త్రీ చేతులు చాచి దాన్ని చుట్టేసి ఉంటుంది. కొండల్లాంటి అయిదు తలల పాములుంటాయి. అతను పరుగెత్తి పరుగెత్తి, తీగలు కప్పేసిన ఒక పాడుబావిలో పడిపోతాడు. తీగల్లో చిక్కుకుని, తొడిమకు వేలాడే పనసపండులా, కాళ్లు పైకీ తల కిందికీ వేలాడుతుంటాడు. బావి అడుగున పెద్ద పాము. బావి గట్టున ఆరు ముఖాలు, పన్నెండు కాళ్లు ఉన్న ఏనుగు. నల్లవీ తెల్లవీ ఎలుకలు అక్కడి చెట్టును కొరికేస్తున్నాయి. ఆ చెట్టు కొమ్మల్లో తేనెపట్టు ఉంది, దాని నుంచి ధారలుగా తేనె కారుతోంది. ఇంత ఆపదలోనూ అతను ఆ తేనె తాగుతూనే ఉన్నాడు. ఎంత తాగినా దాహం తీరడం లేదు, బతుకు మీద విసుగూ పుట్టడం లేదు.

కథ విన్న ధృతరాష్ట్రుడి మనసు కరిగిపోతుంది. అయ్యో, ఎంత కష్టం, ఆ మనిషి ఉన్న చోటు ఎక్కడ, అతన్ని బయటపడేసే దారి ఏది అని అడుగుతాడు. కథను ఉన్నదున్నట్టు నమ్మిన శ్రోత అడిగే ప్రశ్న ఇది. అప్పుడు విదురుడు, ఇది మోక్షం తెలిసినవాళ్లు చెప్పే ఉపమానం అని చెప్పి, ఒక్కొక్కదానికీ అర్థం విప్పుతాడు. అడవి సంసారం, మృగాలు రోగాలు, ఆ స్త్రీ ముసలితనం, బావి శరీరం, అడుగున ఉన్న పాము కాలం, అతను చిక్కుకుని వేలాడుతున్న తీగ బతుకు మీద ఆశ. ఏనుగు సంవత్సరం, దాని ఆరు ముఖాలు ఋతువులు, పన్నెండు కాళ్లు నెలలు. ఎలుకలు రాత్రింబవళ్లు. తేనెటీగలు కోరికలు, తేనె వాటి వల్ల కలిగే సుఖం.

మనలో చాలామందికి కథను చదవడం అంటే ఇదే అన్న అభిప్రాయం ఇలాంటి కథల వల్లే స్థిరపడింది. ఎడమవైపు కథలోని వస్తువులు, కుడివైపు వాటి అర్థాలు రాసి గీతలు గీస్తే పని అయిపోయినట్టు లెక్క. బళ్లో నీతికథకూ అదే చేస్తాం, హరికథ వింటూ అదే చేస్తాం, ఆదివారం చర్చిలో ప్రసంగం వింటూ అదే చేస్తాం. విదురుడి కథకు ఆ పద్ధతి చాలావరకు సరిపోతుంది. కానీ ఆయన కథలోనే జాగ్రత్తగా చూడండి. ఆరు ముఖాలకూ పన్నెండు కాళ్లకూ లెక్క చెప్పిన విదురుడు, పాముల అయిదు తలలకు లెక్క చెప్పడు. వల ఏమిటో చెప్పడు. పడినవాడు బ్రాహ్మణుడే ఎందుకయ్యాడో చెప్పడు. పనసపండు దేనికి గుర్తో చెప్పడు. చెప్పడానికి ఏమీ లేదు కాబట్టే చెప్పలేదు. పనసపండు అక్కడ ఉన్నది మనకు ఆ బరువు, ఆ వేలాడడం కళ్లకు కట్టడానికి. అయిదు తలల పాములు ఉన్నది ఆ అడవిలోంచి పారిపోవడానికి సందు లేదని మనం భయపడడానికి. అయిదు అనగానే పంచేంద్రియాలు అనో పంచభూతాలు అనో అనేయడం మనకు చాలా తేలిక. అంత తేలికగా దొరికే అర్థాన్ని అనుమానించాలి. ఇన్నిటికి తాళంచెవి ఇచ్చిన కథకుడే కొన్నిటిని తాళం వేయకుండా వదిలేశాడంటే, వాటి పని వేరని గ్రహించాలి.

ఈ అధ్యాయంలో మనం నేర్చుకోవలసింది ఆ తేడా పట్టడం. దానికి కొత్త పరికరాలేవీ అక్కర్లేదు. హైస్కూలు తెలుగు వాచకంలో చదివిన ఉపమాలంకారం గుర్తుంటే చాలు. ఉపమేయం, ఉపమానం, ఉపమావాచకం, సమాన ధర్మం అని నాలుగు భాగాలు చెప్పారు కదా. ఆమె ముఖం చంద్రబింబంలా ఉంది అంటే ముఖానికీ చంద్రుడికీ పొత్తు కుదిరింది ఆ అందంలో, ఆ చల్లదనంలో మాత్రమే. చంద్రుడిలో మచ్చ ఉంది కదా, ఆమె ముఖాన మచ్చేది అని ఎవరూ అడగరు. చంద్రుడు పక్షం రోజులు తగ్గుతాడు కదా అనీ అడగరు. పోలిక నిలబడేది సమాన ధర్మం మీద. మిగతాదంతా చంద్రుడిదే, ముఖానిది కాదు. అదే అలంకారశాస్త్రం రూపకంలో సావయవ రూపకం అని ఒక రకాన్ని చెబుతుంది. అందులో అవయవాలన్నీ ఒక్కొక్కటిగా ఆరోపిస్తారు. సంసారాన్ని సాగరం అన్నాక, కోరికల్ని అలలనీ, గురువును నావికుడనీ చెప్పుకుంటూ పోవడం అలాంటిదే. విదురుడి కథ ఈ రెండో జాతిది. లోకంలో చిన్న కథలు ఎక్కువ భాగం మొదటి జాతివి. మొదటి జాతి కథను రెండో జాతి కథలా చదవడమే మనం తరచుగా చేసే పొరపాటు.

దీన్ని ఒక కథ మీద నిదానంగా పరీక్షించి చూద్దాం. బైబిలు పాత నిబంధనలో సమూయేలు రెండో గ్రంథం 12వ అధ్యాయంలో నాతాను ప్రవక్త దావీదు రాజుకు చెప్పిన కథ నాలుగే నాలుగు వచనాలు. అంతకుముందు జరిగింది ఇది. దావీదు తన సైనికుడైన ఊరియా భార్య బత్షెబను తెప్పించుకున్నాడు. ఆమె గర్భవతి అయింది. విషయం బయటపడకుండా ఊరియాను యుద్ధంలో ముందువరసలో నిలబెట్టించి చంపించాడు. తర్వాత ఆమెను పెళ్లి చేసుకున్నాడు. అప్పుడు నాతాను వచ్చి, ఒక ఊళ్లో ఇద్దరు మనుషులున్నారని మొదలుపెట్టాడు. ఒకడు ధనికుడు, గొర్రెలూ గొడ్లూ మందలు మందలుగా ఉన్నాయి. ఇంకొకడు పేదవాడు, కొనుక్కున్న ఒక్క ఆడ గొర్రెపిల్ల తప్ప ఏమీ లేదు. అది అతని పిల్లలతో కలిసి పెరిగింది, అతని చేతిముద్ద తింది, అతని గిన్నెలోది తాగింది, అతని ఒడిలో పడుకుంది, కూతురిలా ఉండేది. ధనికుడి ఇంటికి ఒక బాటసారి వచ్చాడు. ధనికుడికి తన మందలోంచి ఒకదాన్ని కోయడానికి మనసొప్పలేదు. పేదవాడి గొర్రెపిల్లను పట్టుకుని కోసి అతిథికి వండిపెట్టాడు.

దావీదుకు ఒళ్లు మండిపోయింది. ఆ పని చేసినవాడు చావాల్సినవాడు, దయలేకుండా చేశాడు కాబట్టి ఆ గొర్రెపిల్లకు నాలుగింతలు ఇచ్చుకోవాలి అన్నాడు. ఆ మనిషివి నువ్వే అన్నాడు నాతాను.

ఇప్పుడు గీతలు గీసే పద్ధతిలో చదవండి. ధనికుడు దావీదు, పేదవాడు ఊరియా, గొర్రెపిల్ల బత్షెబ. ఇంతవరకు కుదిరింది. తర్వాత గీత తెగిపోతుంది. కథలో చచ్చింది గొర్రెపిల్ల, జరిగిన దాంట్లో బత్షెబ బతికే ఉంది. జరిగిన దాంట్లో చచ్చింది ఊరియా, కథలో పేదవాడి ప్రాణానికి ఏమీ కాలేదు. ఇక బాటసారి ఎవరు? దావీదు ఇంటికి ఎవరూ రాలేదు. పిల్లలెవరు? ఊరియాకు పిల్లలున్నట్టు ఆ గ్రంథం చెప్పదు. ఒకటికి ఒకటి కుదరాలన్న పట్టుదలతో చదివితే నాతాను చెప్పింది చేతకాని కథ అనుకోవాలి. కానీ అది ఒక రాజు చేత తన నోటితోనే తనకు శిక్ష వేయించిన కథ. అంత బలంగా పనిచేసిన కథలో లోపం ఉందనిపిస్తే, లోపం మన చదువులో ఉంది.

కుదిరింది ఏమిటో వెతుకుదాం. అన్నీ ఉన్నవాడు, ఒక్కటే ఉన్నవాడి దగ్గర్నుంచి ఆ ఒక్కటీ లాక్కున్నాడు, లాక్కునేటప్పుడు కనికరించలేదు. ఇదే సమాన ధర్మం. మనుషులకు మనుషులు కుదరడం కాదు, వాళ్ల మధ్య ఉన్న సంబంధానికి సంబంధం కుదిరింది. ఇది మన ఊహ కాదని తెలుసుకోవడానికి ఒక ఆధారం ఉంది. కథ చెప్పిన తర్వాత కథకుడు నోరు విప్పి ఏమన్నాడో చూడండి. నాతాను వెంటనే దేవుడి మాటగా, నీకు రాజ్యం ఇచ్చాను, ఇల్లు ఇచ్చాను, చాలకపోతే ఇంకా ఇచ్చేవాణ్ని, నువ్వు అతని భార్యను తీసుకున్నావు అంటాడు. కలిగి ఉండడం, తీసుకోవడం ఈ రెండూ కథలోవే. ఊరియా హత్య మాత్రం కథలో లేదు. కాబట్టి దాన్ని కథ బయట, ఊరియాను కత్తితో చంపించావని పేరు పెట్టి విడిగా చెప్పాడు. కథ మోయని బరువును కథ మీద పెట్టలేదు. బాటసారి గురించి ఆ ప్రసంగంలో ఒక్క మాట కూడా లేదు.

మరి బాటసారి కథలో ఎందుకున్నాడు? తీసేసి చూడండి. బాటసారి లేకపోతే ధనికుడికి ఆ పూట గొర్రెను కోయాల్సిన అవసరమే లేదు. మందలున్నవాడు పక్కవాడి ఒక్క గొర్రెపిల్లను ఊరికే ఎందుకు కోస్తాడు? వినేవాడు నమ్మడు. అతిథి వచ్చాడంటే విందు పెట్టాలి, విందుకు మాంసం కావాలి, అక్కడ తనది ఖర్చు చేసుకోవడానికి చేయి రాలేదు. ఆ పిసినారితనం బయటపడడానికి బాటసారి కావాలి. అతను కథను నడిపించే మనిషి, అంతే. గొర్రెపిల్ల గిన్నెలో తాగడం, ఒడిలో పడుకోవడం వేరే పని చేస్తున్నాయి. వాటిని తీసేసినా కథ నడుస్తుంది, కానీ దావీదుకు కోపం రాదు. గొర్రెలు కాచి పెరిగినవాడు దావీదు. ఒడిలో పడుకునే గొర్రెపిల్ల అంటే ఏమిటో అతనికి తెలుసు. ఆ వివరాలు ఉన్నది అతని గుండెను తాకడానికి. గిన్నె దేనికి గుర్తు, ముద్ద దేనికి గుర్తు అని తవ్వితే ఆ ఆర్ద్రత కాస్తా ఆవిరైపోతుంది.

ఇంకో సంగతి. కథ పూర్తిగా కుదరకపోవడమే ఇక్కడ నాతానుకు ఉపయోగపడింది. ఒక సైనికుడు, అతని భార్య, ఒక రాజు అని చెప్పి ఉంటే దావీదు రెండో వాక్యానికే జాగ్రత్తపడేవాడు. గొర్రెల తగాదాలా ఉంది కాబట్టి న్యాయమూర్తిలా విన్నాడు. కుదరని వివరాలు కథకు ముసుగు. ముసుగులోని ప్రతి దారానికీ అర్థం చెప్పమంటే ముసుగు దేనికో మరిచిపోయినట్టే.

బాటసారికి అర్థం చెప్పినవాళ్లు లేకపోలేదు. యూదుల తాల్మూదులో సుక్కా అనే గ్రంథభాగంలో రవా అనే పండితుడు, ఆ బాటసారి మనిషిలోని చెడు కోరిక అంటాడు. ఆ వచనం అతన్ని మొదట దారిన పోయేవాడని, తర్వాత అతిథి అని, చివరికి మనిషి అని మూడు రకాలుగా పిలుస్తుంది. చెడు కోరిక కూడా అంతే, మొదట దారిన పోతూ తొంగిచూస్తుంది, తర్వాత చుట్టమై కూర్చుంటుంది, చివరికి ఇంటి యజమాని అయిపోతుంది అని దాని సారం. ఇది చాలా అందమైన ఆలోచన. దావీదుకు జరిగింది కూడా అదే కదా అనిపిస్తుంది. దీన్ని నేను కొట్టిపారేయను. కానీ ఇది రవా ఆ కథను ఆధారం చేసుకుని చెప్పిన కొత్త బోధ. నాతాను దావీదుకు చెప్పిన దాంట్లో ఇది లేదు. మీరు కూడా ఒక కథ మీద ఇలాంటి ఆలోచన కట్టుకోవచ్చు, పదిమందికీ చెప్పుకోవచ్చు. ఈ కథకు అర్థం ఇదీ అనకుండా, ఈ కథ చదివితే నాకు ఇది తోచింది అని చెప్పండి. ఆ ఒక్క జాగ్రత్తతో కథా నిలుస్తుంది, మీ ఆలోచనా నిలుస్తుంది.

ఆ జాగ్రత్త తప్పితే ఏమవుతుందో చెప్పడానికి లూకా సువార్త 10వ అధ్యాయంలోని మంచి సమరయుడి కథ సరైన ఉదాహరణ. యెరూషలేము నుంచి యెరికోకు దిగిపోతున్న ఒకణ్ని దొంగలు కొట్టి, బట్టలూడదీసి, కొనప్రాణంతో వదిలేశారు. ఒక యాజకుడు చూసి పక్కనుంచి వెళ్లిపోయాడు, ఒక లేవీయుడూ అంతే. యూదులు దూరం పెట్టే సమరయుడు మాత్రం ఆగి, నూనె, ద్రాక్షారసం పోసి గాయాలు కట్టి, తన వాహనం మీద ఎక్కించుకుని, సత్రానికి చేర్చి, సత్రపువాడికి రెండు దేనారాలిచ్చాడు. క్రైస్తవ మహాపండితుడు అగస్టీన్ దీనికి చెప్పిన అర్థంలో దెబ్బలు తిన్నవాడు ఆదాము, యెరూషలేము స్వర్గం, దొంగలు సాతానూ అతని దూతలూ, సమరయుడు క్రీస్తు, సత్రం సంఘం, సత్రపువాడు అపొస్తలుడైన పౌలు. రెండు దేనారాలు దేవుణ్ని, పొరుగువాణ్ని ప్రేమించమన్న రెండు ఆజ్ఞలు.

ఈ అర్థం తప్పని ఎలా తెలుస్తుంది? కథ ఎవరికి, ఏ ప్రశ్నకు జవాబుగా పుట్టిందో చూడండి. ఒక ధర్మశాస్త్ర పండితుడు, నా పొరుగువాడు ఎవరు అని అడిగాడు. యేసు కథ చెప్పి, ఈ ముగ్గురిలో దెబ్బలు తిన్నవాడికి పొరుగువాడు ఎవరయ్యారు అని తిరిగి అడిగాడు. అతని మీద దయ చూపినవాడే అని జవాబు వచ్చింది. నువ్వూ వెళ్లి అలాగే చేయి అన్నాడు. అగస్టీన్ లెక్కలో ఈ సంభాషణకు చోటే లేదు. సమరయుడు క్రీస్తే అయితే ఆ పండితుడు వెళ్లి చేయాల్సిందేమిటి? పైగా పౌలు ఆ సమయానికి ఇంకా శిష్యుడు కూడా కాలేదు. రెండు దేనారాలంటే ఆనాటి లెక్కలో రెండు రోజుల కూలి. సాయం రోడ్డు పక్కనే ఆగిపోలేదని, కోలుకునేదాకా ఖర్చు పెట్టుకున్నాడని ఆ డబ్బు చెబుతుంది. అలా చదివితే ఆ రెండు నాణేలకు ఎంత విలువ! ఆజ్ఞలుగా మార్చగానే అవి చేతిలోంచి జారిపోతాయి.

ఇక్కడ ఇంకో తేడా కూడా గమనించాలి. సమరయుడు అన్న వివరం దేనికీ గుర్తు కాదు, అలాగని తీసిపారేసేదీ కాదు. అతను సమరయుడు కాకుండా మామూలు యూదుడైతే కథ సగం చచ్చిపోతుంది. వినేవాళ్లు ఎవరి పేరెత్తితే ముఖం చిట్లించుకుంటారో వాణ్నే యేసు కథలో మంచివాణ్ని చేశాడు. కాబట్టి ముఖ్యమైన వివరం అంటే ప్రతీక అనుకోకండి. ఒక వివరం తనదైన సొంత అర్థంతోనే ఎంతో బరువు మోయగలదు.

జర్మన్ పండితుడు అడోల్ఫ్ యూలిచర్ 1888లో, 1899లో రెండు సంపుటాలుగా వెలువరించిన గ్రంథంలో ఈ రకం వ్యాఖ్యానాలను గట్టిగా ఖండించాడు. యేసు కథల్లో ఒక్కో కథకు ఒక్కటే పోలిక బిందువు ఉంటుందన్నాడు. ఆ దెబ్బ అవసరమే. కానీ ఒక్కటే అని గిరిగీయడం మరీ బిగుతు. ఆ కొలబద్ద పట్టుకుని విదురుడి దగ్గరికి వెళితే ఏనుగుకున్న ఆరు ముఖాలను ఏం చేస్తాం? ఏ కథకు ఎన్ని పోలికలో ముందుగా నిర్ణయించే హక్కు మనకు లేదు. కథే చెప్పాలి. కథకుడు తాళంచెవి తానే ఇస్తే తీసుకుందాం. ఏనుగుకు పన్నెండు కాళ్లుండడంలా లోకంలో లేనిది కనిపిస్తే, ఇక్కడేదో ఉందేమోనని ఆగి చూద్దాం. గొర్రె, సత్రం, నాణెం, బాటసారి లాంటివి లోకంలో ఉండేలాగే ఉంటే వాటిని అలాగే ఉండనిద్దాం.

ఇప్పుడు మీ చేతికే ఒక కథ ఇస్తాను. పంచతంత్రంలో అయిదో తంత్రం పేరు అపరీక్షిత కారకం, అంటే విచారించకుండా చేసే పని. అందులో ముంగిస కథ మీకు తెలిసిందే. బ్రాహ్మణుడి భార్య పసివాణ్ని ఇంట్లో పడుకోబెట్టి నీళ్లకు వెళుతుంది. పాము వస్తే ముంగిస దాన్ని చంపి, మూతికి రక్తంతో ఎదురు వస్తుంది. బిడ్డను చంపేసిందనుకుని ఆమె చేతిలోని కుండను దాని మీద విసిరి చంపుతుంది. లోపలికి వెళ్లి చూస్తే బిడ్డ ఆడుకుంటున్నాడు, పక్కన పాము ముక్కలై పడి ఉంది. ఒక కాగితం తీసుకుని ఒక్కో వివరాన్నీ కొట్టేసి చూడండి. కుండ కొట్టేస్తే ఆమె బయటికి వెళ్లే కారణమూ పోతుంది, విసరడానికి చేతిలో ఆయుధమూ పోతుంది. కాబట్టి కుండ కథను నడిపిస్తోంది. దానికి ఇంకో అర్థం అక్కర్లేదు. మూతి మీది రక్తాన్ని కొట్టేస్తే ఏమవుతుంది? చూసింది నిజమే, అనుకున్నది అబద్ధం అన్న చిక్కు మొత్తం పోతుంది. తంత్రం పేరు అడిగే ప్రశ్న అక్కడే ఉంది. పాము శత్రువు, ముంగిస నమ్మిన సేవకుడు, బిడ్డ ఆత్మ అంటూ గీతలు గీయబోతే మీకే తెలుస్తుంది, ఆ గీతల్లో ఏదీ కథకు కొత్తగా ఇచ్చింది లేదని. ఈ కథ ప్రతీకల కథ కాదు. ఒక మనిషి తొందరపడితే ఏమవుతుందో జరిపి చూపించిన కథ.

కొట్టివేయగా మిగిలిన వాటికి, అంటే తీసేసినా కథ నడిచిపోయి, వినేవాడి మనసులో ఏ తేడా రాకుండా ఉండే వాటికి, కాగితం మీద ఎదురుగా ఏమీ రాయకండి. ఖాళీగా వదిలేయండి. పిల్లలు అడిగితే, అది కథలో వస్తువు నాయనా, దానికి వేరే అర్థం లేదు అని నిబ్బరంగా చెప్పండి.